అద్దానికి అతుక్కుపోయిన నాయనమ్మ ఫోటో: ఊడదీయకుండా బాగు చేసుకోవడం

ప్రశ్న: మా నాయనమ్మది ఒక్కటే ఫోటో ఉంది, పాతకాలం నాటి పెద్ద సైజు, చేత్తో రంగులు వేసింది. గోడకు చెమ్మ పట్టి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది, మొహం మీద ఎర్రగా, పసుపుగా మరకలు. నీళ్ళలో నానబెడితే ఊడొస్తుందని కొందరు చెప్తున్నారు. స్టూడియోలో ఇవ్వాలంటే భయంగా ఉంది. నేనే చేసుకోవచ్చా? నల్గొండ నుంచి.

జవాబు:

చేసుకోవచ్చు, కానీ నానబెట్టకండి. ఆ మాట ముందు తేల్చుకుని మిగతా సంగతికి వద్దాం.

పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో బొమ్మ ఉండేది కాగితంలో కాదు, కాగితం మీద ఉన్న సన్నని జెలటిన్ పొరలో. ఆ పొరలో వెండి రేణువులు ఉంటాయి, మనకు కనిపించే నలుపంతా అదే. జెలటిన్ అంటే జంతువుల ఎముకలు, తోళ్ళ నుంచి తీసే జిగురు పదార్థం. చెమ్మ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, ఎదురుగా అద్దం ఆనుకుని ఉంటే దానికి పట్టుకుంటుంది, మళ్ళీ ఆరినప్పుడు గట్టిగా అతుక్కుపోతుంది. గోరుతో లేపి లాగితే కాగితం మీ చేతికి వస్తుంది, మొహం అద్దం మీద ఉండిపోతుంది. నానబెడితే ఊడొచ్చిన ఫోటోలు ఉన్నాయి, కాదనను. అయితే అవి రంగు వేయనివి, బూజు పట్టనివి. బూజు తినేసిన జెలటిన్ నీళ్ళలో పెడితే తడిసిన బెల్లంలా కరిగిపోతుంది, చేత్తో వేసిన రంగు కూడా కదిలిపోతుంది. మీదానికి రంగులు వేశారంటున్నారు, చెమ్మ పట్టింది కాబట్టి బూజు కూడా ఉండొచ్చు. కాబట్టి అద్దంతో సహా అట్లాగే ఉంచి, దాన్ని కెమెరాతో ఫోటో తీసుకుని, బాగు చేసేదంతా ఆ కాపీ మీద చేయాలి. అసలుది ముట్టుకునే పని లేదు.

నేను పాలమూరులో స్టూడియో నడుపుతాను, డార్క్‌రూమ్ రోజుల నుంచి ఇదే పని. మీ ప్రశ్నకు విడివిడిగా సూత్రాలు చెప్పేకంటే, అచ్చం మీలాంటి కేసే ఒక అబ్బాయి ఎట్లా చేసుకున్నాడో చెప్తాను, అందులోనే మీకు కావలసిందంతా ఉంది.

అలంపూర్ దగ్గరి పల్లె వాళ్ళది. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర పొంగి ఆ చుట్టుపక్కల ఊళ్ళు మునిగినప్పుడు వాళ్ళ ఇంట్లోకి కూడా నీళ్ళు వచ్చాయి. గోడ మీద ఉన్న వాళ్ళ అవ్వ ఫోటో బురదలో దొరికింది. అప్పటికే ఆమె పోయి చాలా కాలం. పెద్దనాయన ఆ ఫ్రేమును కడిగి, విప్పకుండా ఎండలో పెట్టాడు. మంచి మనసుతోనే పెట్టాడు, కానీ అతుక్కున్నది అప్పుడే. పండుగకు పండుగకు అద్దం మీద పెట్టిన కుంకుమ, పసుపు నీళ్ళతో పాటు ఫ్రేము సందులోంచి లోపలికి దిగి మొహం మీదుగా చారలు కట్టాయి. ఎడమ చెవి దగ్గర మట్టి చేరి, ఆ కాస్త మేర పొరే లేచిపోయింది.

ఆ అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. నా దగ్గరికి రాకముందే ఎక్కడో ఒకచోట చేయించాడు. వాళ్ళు చర్మం మొత్తం నున్నగా చేసి, ముడతలు తీసేసి, కంప్యూటర్లో రెడీగా పెట్టుకున్న పట్టుచీర ఒంటికి ఈమె తల అతికించి ఇచ్చారు. మన దగ్గర చాలా చోట్ల ఇదే పద్ధతి, మగవాళ్ళకైతే కోటు తగిలిస్తారు. అది చూసి వాళ్ళ మేనత్త, "ఈమె ఎవర్రా? మా అమ్మ గిట్ల లేకుండె" అని పక్కన పెట్టేసిందట. "అన్నా, మీరు చేసివ్వొద్దు. ఎట్ల చేయాల్నో చెప్పండి, నేనే చేసుకుంటా" అని వచ్చాడు. మీరు స్టూడియో అంటే భయం అన్నారు కదా, ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

మొదటి పని కాపీ తీయడం. సగం మంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. అద్దం బయటి వైపు ఉన్న పొగ, కుంకుమ తుడవాలి, అయితే తుడిచే ముందు కూడా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. నీళ్ళు అద్దం మీద చల్లకుండా గుడ్డకే కొద్దిగా తడి చేసి, అంచుల జోలికి పోకుండా తుడవండి. తర్వాత ఫ్రేమును నేల మీద పడుకోబెట్టి కెమెరా పైనుంచి నిటారుగా పెట్టాలి. కెమెరా సరిగ్గా సమాంతరంగా ఉందో లేదో చూడటానికి మొహం చూసుకునే చిన్న అద్దం ముక్కను ఫోటో మధ్యలో పెట్టి కెమెరాలోంచి చూడండి, లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపిస్తే సరిపోయినట్టే. లైట్లు రెండు వైపుల నుంచి, నలభై ఐదు డిగ్రీల వాలులో, ఒకే రకం బల్బులు. ఫ్లాష్ వద్దు. పైన ఉన్న సీలింగు, మీ చొక్కా, కెమెరా స్టాండు అన్నీ అద్దంలో పడతాయి కాబట్టి నల్ల చార్టుకు లెన్సు పట్టేంత రంధ్రం చేసి అందులోంచి తీయాలి.

లైట్ల ముందు పోలరైజింగ్ షీటు, లెన్సుకు పోలరైజర్ ఫిల్టరు పెట్టి తిప్పితే మెరుపంతా పోతుంది, దొరికితే మంచిది, దొరకకపోయినా నల్ల చార్టుతో పని నడుస్తుంది. లైట్లే లేకపోతే వసారాలో పగటి వెలుతురు పక్కనుంచి పడే చోట తీయండి, ఎండ నేరుగా పడొద్దు. ఆ అబ్బాయి ఫోటో 12×15 అంగుళాలు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో 6000×4000 పిక్సెళ్ళు వస్తాయి, ఫోటో ఆకారానికి కత్తిరించాక 5000×4000 మిగులుతుంది, అదే సైజులో ప్రింటు వేసుకోవడానికి అంగుళానికి 330 పైచిలుకు. అంతకంటే అక్కర్లేదు. కెమెరాలో రా ఫైలు తీసి, 16 బిట్ టిఫ్‌గా మార్చుకుని, ఒక కాపీ ఎవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టండి.

కాపీలో ఒక సంగతి గమనిస్తారు. అద్దానికి అతుక్కున్న చోట బొమ్మ ముదురుగా, తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది, అతుక్కోని చోట కాస్త పాలిపోయినట్టు ఉంటుంది, రెండింటి మధ్య సన్నని రంగుల వలయాలు వస్తాయి. అవి మరకలు కావు. అద్దానికీ ఫోటోకూ మధ్య ఉన్న సన్నటి సందులో వెలుతురు ఆడే ఆట అది. వాటిని మరకలనుకుని బ్రష్షుతో రుద్దుతూ కూర్చోవద్దు, పాలిపోయిన భాగానికే మార్పు తగిలేలా మాస్కు వేసి, దాన్ని మొత్తంగా ముదురు చేస్తే చాలావరకు సరిపోతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. కలర్ ఫైల్ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బ్లాక్ అండ్ వైట్ బొమ్మలు ఒకదాని మీద ఒకటి. ఫోటోషాప్‌లో అయితే Channels ప్యానెల్‌లో విడివిడిగా కనిపిస్తాయి, జింప్‌లో అయితే Colors → Components → Decompose లో RGB ఎంచుకోండి. కుంకుమ ఎర్రని వెలుతురును తిప్పికొడుతుంది కాబట్టి ఎరుపు ఛానెల్‌లో తెల్లకాగితం అంత తెల్లగా వచ్చి మాయమవుతుంది. పసుపు మరకా, పాతబడి గోధుమ రంగుకు తిరిగిన చెమ్మ మరకా అంతే, నీలం ఛానెల్‌లో నల్లగా, వికారంగా ఉండి ఎరుపులో దాదాపు కనిపించవు. వెండితో ఏర్పడిన బొమ్మకు మాత్రం రంగు లేదు కాబట్టి మూడింటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అంటే ఎరుపు ఛానెల్ ఒక్కటే తీసుకుంటే, చెంప మీద చారలు ఏ బ్రష్షూ పట్టకుండానే పోయాయి. ఆ అబ్బాయి అది చూసి కాసేపు మాట్లాడలేదు. అప్పటిదాకా ఆ చారలను ఒక్కొక్క చుక్క చొప్పున తుడుస్తూ ఎన్నో రాత్రులు కూర్చున్నాడు మరి.

దీనికి ఒక మెలిక ఉంది. మీ ఫోటోకు రంగులు వేశారు కదా. ఆ అబ్బాయి వాళ్ళ అవ్వ చీరకు ఆకుపచ్చ రంగు పూశారు. ఆకుపచ్చ ఎరుపు ఛానెల్‌లో నల్లబడుతుంది, చీర మడతలు కలిసిపోయి ముద్ద అవుతాయి. అందుకని మొహానికి ఎరుపు ఛానెల్, చీరకు ఆకుపచ్చ ఛానెల్ తీసుకుని, రెండింటినీ మాస్కుతో కలపాలి. మీ నాయనమ్మ చీర ఏ రంగులో ఉందో చూసుకుని, ఆ రంగు ఏ ఛానెల్‌లో లేతగా వస్తే అది వాడండి.

మరక ఏది, మనిషి ఏది అని తేల్చడానికి కూడా ఇదే పరీక్ష. ఆ అబ్బాయి వాళ్ళ అవ్వ నుదుటి దగ్గర మూడు గుర్తులు, కింది పెదవి కింద గడ్డం మీద ఒక నల్లటి చుక్క ఉన్నాయి. గడ్డం మీది చుక్కను బూజు అనుకుని మొదటి రోజే తుడిచేశాడు. నేను మూడు ఛానెళ్ళూ పక్కపక్కన పెట్టి చూడమన్నాను. నుదుటి మీద రెండు గుర్తులు ఎరుపులో పోయాయి, అవి జారిన కుంకుమ. మూడోది బూడిద రంగులో నిలబడింది, అది ఫోటో తీసిన రోజు ఆమె పెట్టుకున్న బొట్టు. గడ్డం మీది చుక్క మూడింటిలోనూ గట్టిగా ఉంది.

అయితే ఛానెల్ ఒక్కటే సరిపోదు, ఎందుకంటే నల్ల బూజుకూ, దీపం మసికీ రంగు ఉండదు, అవి కూడా మూడింటిలో కనిపిస్తాయి. అప్పుడు అంచు చూడాలి. పాత పెద్ద ఫోటోలు చిన్న నెగెటివ్ నుంచి ఎన్లార్జ్ చేసినవి, కాబట్టి వాటిలో ఏదీ కత్తిలా పదునుగా ఉండదు. కనురెప్ప ఎంత మెత్తగా ఉందో, ముక్కుపుడక ఎంత మెత్తగా ఉందో, మనిషి ఒంటి మీద నిజంగా ఉన్న చుక్క కూడా అంతే మెత్తగా ఉంటుంది. తర్వాత పడ్డ మరక ఆ బొమ్మ కంటే పదునుగా ఉంటుంది, చాలాసార్లు అంచున ముదురు గీత కూడా కట్టి ఉంటుంది. ఈ చుక్క అంచు కనురెప్పంత మెత్తగా ఉంది. మేనత్తకు ఫోను చేసి అడిగితే, "అది పచ్చబొట్టు బిడ్డా, గడ్డానికి, చేతులకు పొడిపిచ్చుకునేది అప్పట్ల" అంది. చుక్క తిరిగి వచ్చింది. లేయర్ అంటే బొమ్మ మీద పరిచిన గాజు కాగితం లాంటి పొర, అట్లాంటి వేరే లేయర్ మీద పనిచేశాడు కాబట్టి తిరిగి తేగలిగాడు. మీరు కూడా బాగుచేసే ప్రతి గీతా కొత్త ఖాళీ లేయర్ మీదే వేయండి, అసలు లేయర్ మీద ఒక్క చుక్క కూడా పెట్టొద్దు.

బ్రష్షు పని గురించి పెద్దగా చెప్పేది లేదు, నెమ్మది కావాలి అంతే. ముందు వెనక గోడ, తర్వాత చీర, చివర మొహం. గోడ మీద తప్పు చేసినా ఎవరికీ తెలియదు, మొహం దగ్గరికి వచ్చేసరికి చేయి కుదురుతుంది. వంద శాతం జూమ్‌లో పనిచేసి, మధ్యమధ్యలో ఫోటో మొత్తం కనిపించేలా చిన్నది చేసి చూడండి. కళ్ళ కింది ముడతలు తీయొద్దు. ఫోటో రేణువులను కూడా నున్నగా చేయొద్దు. చేస్తే, మీరు పూడ్చిన చోటు ఒక్కటే ప్లాస్టిక్ ముక్కలా బయటపడుతుంది.

లేని భాగం సంగతి వేరు. ఎడమ చెవి, దాని పక్కన చెంప అంచు మొత్తం పొరే లేదన్నాను కదా. ఆ అబ్బాయికి ముందు తట్టింది, కుడి చెవిని అద్దంలో చూసినట్టు తిప్పి ఇటు అతికిద్దామని. వద్దన్నాను. ఏ మొహమూ రెండు వైపులా ఒకేలా ఉండదు, వెలుతురు కూడా ఒక వైపు నుంచే పడుతుంది, నీడ తారుమారైతే చూసేవాళ్ళకు ఏం తేడానో చెప్పలేకపోయినా "మనిషి కాదు" అనిపిస్తుంది. ఇంకో ఫోటో వెతకమన్నాను. పాత రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పట్టాదారు పాసుపుస్తకం, ఓటరు కార్డు, బంధువుల పెళ్ళి ఆల్బములు ఇవన్నీ వెతకాలి. మన పాలమూరు వైపు చాలా ఇళ్ళ వాళ్ళు వలస పోయి బతికినవాళ్ళు, అందుకే ఒక్కోసారి అవ్వల ఫోటోలు ఇక్కడ కాదు, పుణెలోనో ముంబైలోనో ఉన్న చుట్టాల ట్రంకు పెట్టెల్లో దొరుకుతాయి. ఈయనకు కూడా అట్లాగే మేనత్త పెళ్ళి గ్రూపు ఫోటో ఒకటి దొరికింది. అవ్వ మూడో వరుసలో, మొహం బొటనవేలి గోరంత, అయినా ఎడమ చెవి, దానికి ఉన్న కమ్మ కనిపిస్తున్నాయి.

ఇట్లాంటి ఫోటో దొరికితే ముందు అది తిరగబడి ప్రింటు అయ్యిందేమో చూడండి. నెగెటివ్ ముందు వెనకలు తిప్పి పెట్టి వేసిన ప్రింట్లు తక్కువేం కాదు. పక్కన బోర్డు మీద అక్షరాలుంటే వెంటనే తెలుస్తుంది, లేకపోతే ముక్కుపుడక ఏ వైపు, పైట ఏ భుజం మీద అని రెండు ఫోటోలు పోల్చుకోవాలి. కొన్ని కులాల్లో పెద్దవాళ్ళు కుడి భుజం మీద పైట వేసుకునేవారు కాబట్టి మీ ఇంట్లో ముసలివాళ్ళను అడగకుండా తేల్చొద్దు. ఆ అబ్బాయి గ్రూపు ఫోటోలోని ఆ చిన్న చెవిని పెద్దది చేసి, మెత్తదనం సరిపోల్చి, కొంచెం రేణువులు కలిపి కూర్చాడు. దగ్గరగా చూస్తే కాస్త మసకగానే ఉంటుంది. ఉండనీ అన్నాను. అది ఆమె చెవే.

చీర అంచు విషయంలో మాత్రం ధైర్యంగా కాపీ కొట్టొచ్చు. అది గద్వాల చీర. మగ్గం మీద నేసిన అంచులో ఒకే బొమ్మ వరసగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. మరక పడని చోట నుంచి ఒక బొమ్మ తీసి పాడైన చోట పెడితే కల్పించినట్టు కాదు, మడతను బట్టి వంపు తిప్పుకుంటే చాలు. మొహానికీ బట్టకూ తేడా ఇదే. ఇక కింద చేతి వేళ్ళ భాగం పూర్తిగా పోయింది, ఏ ఫోటోలోనూ ఆధారం దొరకలేదు. అక్కడ వేళ్ళు గీయకుండా, చుట్టూ ఉన్న బూడిద రంగులో మెల్లగా కలిసిపోయేలా వదిలేశాడు. పాత స్టూడియోల వాళ్ళు కూడా ఫోటో అడుగు భాగాన్ని తెల్లగా వదిలేసేవాళ్ళు కాబట్టి అది ఎబ్బెట్టుగా లేదు.

రంగు చివర్లో. బ్లాక్ అండ్ వైట్ పూర్తయ్యాక, ఫైలు గ్రేస్కేల్‌లో ఉంటే Image → Mode లో RGB కి మార్చుకుని, దాని మీద కొత్త లేయర్ పెట్టి, మోడ్ Color అని మార్చి, మరక పడని చోట నుంచి పాత రంగు తీసుకుని పలుచగా పూయాలి. బుగ్గలకు, పెదవులకు, బొట్టుకు పాత ఆర్టిస్టు వేసినంతే, ఎక్కువ వద్దు.

ఇక్కడ వాళ్ళింట్లో పంచాయితీ మొదలైంది. చీర ఆకుపచ్చ కాదు, వంకాయ రంగు అని మేనత్త, కాదు నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి గోడ మీద పచ్చ చీరే అని పెద్దనాయన. ఇద్దరిదీ నిజమే అయి ఉంటుంది. ఆ రోజుల్లో కర్నూలులోనో మరెక్కడో స్టూడియోలో రంగులద్దిన ఆర్టిస్టు మనిషిని చూసి ఉండడు, తన దగ్గర ఏ రంగు ఉంటే అది పూసేవాడు. రంగు విడి లేయర్‌లో ఉంది కాబట్టి అబ్బాయి రెండు ప్రింట్లు వేయించి ఇద్దరికీ ఇచ్చేశాడు.

ప్రింటు మ్యాట్ పేపర్ మీద, పిగ్మెంట్ ఇంకుతో వేయించండి. ఫ్రేము కట్టేటప్పుడు అద్దానికీ ఫోటోకూ మధ్య మౌంటు బోర్డు పెట్టమని గట్టిగా చెప్పండి, రెండు మిల్లీమీటర్ల సందు ఉన్నా చాలు, మళ్ళీ అతుక్కోదు. మామూలుగా ఫ్రేములు కట్టేవాళ్ళు అడగకపోతే అది పెట్టరు. వానకు తడిసే బయటి గోడకు కాకుండా లోపలి గోడకు తగిలించండి. కుంకుమ పెట్టాలనుకుంటే ఫ్రేము కర్రకు పెట్టుకోండి. పాతదాన్ని పారేయొద్దు, అద్దంతో సహా నూలు గుడ్డలో చుట్టి బీరువాలో పడుకోబెట్టి ఉంచండి, ప్లాస్టిక్ కవరులో మాత్రం వద్దు, లోపలి చెమ్మ బయటికి పోదు.

మీరు కాపీ తీశాక ఎరుపు ఛానెల్, నీలం ఛానెల్ రెండూ పక్కపక్కన పెట్టి ఇక్కడ చూపించండి. మొహం మీద ఎంత మిగిలిందో అప్పుడు చెప్పగలను.